సోల్‌లోంచి ఊడివచ్చిన చెప్పు పట్టీ: అంటించడమా, కుట్టించడమా, రెండూనా?

చెప్పు పట్టీ మధ్యలో తెగిపోతే నిర్ణయం సులభం. కొత్త పట్టీ వేయించాలి, లేదా చెప్పులే మార్చాలి. పట్టీ చెక్కుచెదరకుండా ఉండి, అది దిగబడిన సోల్‌లోంచి మాత్రం జారి బయటికి వచ్చినప్పుడే చాలామంది ఎటూ తేల్చుకోలేక, కిరాణా కొట్టులో దొరికే ఏదో ఒక జిగురు గొట్టం కొని, దానితోనే పని ముగిస్తారు. రెండు రోజుల తరువాత అదే పట్టీ అదే చోట మళ్ళీ ఊడుతుంది, ఈసారి మునుపటికంటే మొండిగా. నిరుడు మే నెలలో అనంతపురంలో నాకూ ఇదే జరిగింది. ఆ కథ కింద వివరంగా చెబుతాను. అంతకు ముందు జిగురు, కుట్టు, రెండూ కలిపిన పద్ధతి, ఈ మూడింటిలో ఏది ఎప్పుడు పనికివస్తుందో తేల్చుకోవడానికి చూడవలసిన విషయాలను వరుసగా చూద్దాం. ఇక్కడి పల్లెల్లో పెద్దవాళ్ళు చెప్పులను ఇప్పటికీ మెట్లు అంటారు. ఈ వ్యాసంలో చెప్పులనే మాటే వాడుతున్నాను గాని, విషయం రెండింటికీ ఒకటే.

## పట్టీ సోల్‌లో ఎలా నిలుస్తుంది

శాండల్ అడుగు సాధారణంగా రెండు పొరలు. పాదం ఆనేది పై అట్ట, నేలకు తగిలేది కింది సోల్. పై అట్ట అంచుకు కొంచెం లోపలగా ఒక సన్నని గాటు ఉంటుంది. పట్టీ కొసను ఆ గాటులోంచి కిందికి దించి, అడ్డంగా మడిచి, రెండు పొరల నడుమ జిగురుతో అంటిస్తారు. అంటే పట్టీని పట్టి ఉంచేది గాటు కాదు, లోపల కంటికి కనబడకుండా పరచుకొని ఉన్న ఆ కొస.

గోడకు అంటించిన పోస్టరును రెండు చేతులతో కిందికి లాగి చూడండి, అది రాదు. అదే పోస్టరును ఒక మూల గోటితో లేపి ఒలిస్తే సునాయాసంగా వచ్చేస్తుంది. జిగురు స్వభావమే అది. పరచుకున్న వెడల్పంతా ఒకేసారి లాగుడును పంచుకుంటే గట్టిగా నిలుస్తుంది, అంచు నుంచి ఒలుచుకుంటూ వస్తే కొద్ది బలానికే లొంగిపోతుంది. లోపలి కొస పొడవుగా, చదునుగా ఉంటే నడిచేటప్పుడు పడే లాగుడు మొదటి రకంగా పడుతుంది. కొస పొట్టిగా ఉంటే అదే లాగుడు కొసను ఒక అంచు నుంచి ఒలవడం మొదలుపెడుతుంది. కుట్టు చేసే మేలు సరిగ్గా ఇక్కడే ఉంది: ఒలుపు మొదలయ్యే చోటును దారం బిగించి పట్టుకుంటుంది. మరమ్మతులో జిగురుకూ కుట్టుకూ ఉన్న పని విభజన ఇంతకుమించి ఏమీ లేదు.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

### ఊడిన కొస ఏమి చెబుతోంది

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే, దీన్ని దాదాపు ఎవరూ చేయరు. ఊడిన కొసను వెలుతురులో పెట్టి చూడండి, తరువాత గాటులోకి టార్చి వేసి లోపలి భాగాన్నీ చూడండి.

పాత జిగురు పొర మొత్తం పట్టీ మీదే నున్నగా, నిగనిగలాడుతూ ఉండి, సోల్ వైపు శుభ్రంగా ఉంటే, జిగురు సోల్‌ను అసలు పట్టుకోలేదని అర్థం. తయారీలో సోల్‌ను సరిగ్గా గరుకు చేయలేదు, లేదా ఆ సోల్‌కు ఆ జిగురు సరిపడదు. అదే జిగురు మళ్ళీ పూస్తే అదే చోట మళ్ళీ ఊడుతుంది. దీనికి భిన్నంగా జిగురు రెండు వైపులా చింపిరిగా, తీగలు సాగినట్టు మిగిలి ఉంటే, జిగురు రెంటినీ పట్టుకున్నా మధ్యలో తానే తెగింది. వేడికి మెత్తబడిన జిగురు ఇలాగే తెగుతుంది. ఎండాకాలంలో మధ్యాహ్నం గుడి మెట్ల మీద, బండరాయి మీద విడిచిన చెప్పులకు ఇది తరచుగా జరుగుతుంది, ఎందుకంటే గాలి 42 డిగ్రీలున్నప్పుడు ఎండలో ఉన్న బండ దానికంటే ఎంతో ఎక్కువగా కాగుతుంది. ఇలాంటి చోట మంచి జిగురు సరిగ్గా పూస్తే చాలు.

మూడవది, కొస మీద జిగురుతో పాటు పట్టీ పైపొర కూడా ఒలిచినట్టు వచ్చి ఉండడం. రెక్సిన్ పట్టీలలో గుడ్డ మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది. జిగురు ఆ పూతను పట్టుకుంది, పూత గుడ్డను వదిలేసింది. ఇక్కడ ఎంత మంచి జిగురైనా పూత మీద పూస్తే వృథా. లోపలికి పోయే భాగం వరకు పూతను గీకివేసి, గుడ్డ మీద అంటించాలి. రంగు పాలిష్ చేసిన తోలు పట్టీలకూ ఇదే సూత్రం. నున్నని పైపొర పోయి, నూగులాంటి పీచు కనబడేదాకా గీకాలి.

నాలుగవది సోల్ వైపు నుంచి పొడి, చిన్న చిన్న తునకలు రాలడం. దీని గురించి చివరలో చెబుతాను, ఎందుకంటే అది మరమ్మతు కాదు, వీడ్కోలు.

### కొస ఎంత మిగిలింది

స్కేలు పెట్టి కొలవండి. మడత నుంచి చివరి దాకా 15 మిల్లీమీటర్లు, అంతకు మించి ఉంటే జిగురు ఒక్కటే మోయగలిగే అవకాశం ఉంది. 10 మిల్లీమీటర్ల లోపే ఉంటే, ఏ జిగురు పూసినా ఒలుపు మొదలవుతుంది, కాబట్టి కుట్టు తప్పదు. లేదా కొసకు అతుకు వేసి పొడవు పెంచాలి. ప్రతి విఫలమైన మరమ్మతూ ఈ కొసను రెండు మూడు మిల్లీమీటర్లు తినేస్తుందని గుర్తుంచుకోండి. మొదటిసారే సరిగ్గా చేయించుకోవడంలో ఉన్న అసలు లాభం అదే.

### సోల్ దేనితో చేసినది

జిగురు ఎంపిక పట్టీ కంటే సోల్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. గుర్తించడానికి నిప్పు పెట్టి చూడకండి, పీవీసీ కాలితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు చేటు. సోల్ అంచు నుంచి బియ్యపు గింజంత ముక్క కోసి నీళ్ళలో వేయండి. గాలిబుడగ అంటుకోకుండా వేలితో ఒకసారి ముంచి వదలండి. మునిగితే అది పీవీసీ గాని గట్టి రబ్బరు గాని అయి ఉంటుంది. తేలితే ఈవీఏ, పీయూ వంటి నురుగు రకం.

| సోల్ | గుర్తు | సరిపడే జిగురు | జాగ్రత్త |
|---|---|---|---|
| గట్టి రబ్బరు | బరువు, వంచి వదిలితే వెంటనే తిరిగివస్తుంది, గరుకు కాగితంతో రుద్దితే పొడి రాలుతుంది | నియోప్రీన్ రకం సొల్యూషన్, అంటే చెప్పులు కుట్టేవారు వాడే పసుపు రంగు జిగురు | నున్నని పైపొర పూర్తిగా పోయేదాకా రుద్దాలి |
| పీవీసీ | బరువు, ప్లాస్టిక్ మెరుపు, నీళ్ళలో మునుగుతుంది | పాలీయురేథేన్ జిగురు | నియోప్రీన్ మొదట పట్టినా కొన్ని నెలల్లో మెత్తబడుతుంది |
| పీయూ | తేలిక, కోసిన చోట సన్నని గాలిగుంతలు | పాలీయురేథేన్ జిగురు | పాతబడి పొడి రాలుతుంటే ఏదీ పనిచేయదు |
| ఈవీఏ | చాలా తేలిక, గోరు నొక్కితే గుర్తు పడుతుంది | నియోప్రీన్, గరుకు చేసిన మీద | కుట్టు వేస్తే దారం నురుగును కోస్తుంది |
| తోలు | కోసిన అంచులో పీచు కనబడుతుంది | నియోప్రీన్, రెండు పూతలు | మొదటి పూత తోలులోకి ఇంకిపోతుంది |

పీవీసీ విషయంలో ఒక మాట. మెత్తని పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది కాలక్రమేణా పైకి చెమర్చి నియోప్రీన్ జిగురులోకి చేరి దాన్ని పులిసిన పిండిలా చేస్తుంది. వారం రోజులు గట్టిగా నిలిచిన అతుకు మూడు నెలలకు ఎందుకు జారిందో తెలియక జిగురును తిట్టుకునేది ఈ సందర్భంలోనే. పీవీసీ పైపులకు వాడే సొల్యూషన్ ఉంది కదా అని కొందరు అది పూస్తారు. అది గట్టి పైపుల కోసం చేసినది. వంగే సోల్ మీద గట్టిపడి, కొద్ది రోజుల నడకకే పగుళ్ళిస్తుంది.

### ఎవరి పాదం, ఏ నేల

కడప పట్టణంలో ఆఫీసుకు వెళ్ళివచ్చే మనిషి చెప్పుకూ, నంద్యాల వైపు నల్లరేగడిలో వానాకాలం పనిచేసే రైతు చెప్పుకూ పడే లాగుడు వేరు. రేగడి తడిస్తే సోల్‌ను పట్టి కిందికి గుంజుతుంది, కాలు పైకి లేస్తుంది, మధ్యలో ఉన్న పట్టీ రెండింటి బలాన్నీ మోస్తుంది. అక్కడ జిగురు ఒక్కదాన్ని నమ్ముకోవడం దండగ. ఇక చక్కెర వ్యాధి వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారి విషయం అన్నిటికంటే వేరు. పై అట్ట మీద దారపు ముడి గాని, మొల తల గాని తేలి ఉంటే, వారికి ఒరుసుకుంటున్నట్టు తెలియదు, పుండు పడిన తరువాతే తెలుస్తుంది.

## మొదటి దారి: జిగురు ఒక్కటే

కొస 15 మిల్లీమీటర్లకు మించి ఉండి, గాటు అంచులు చిరగకుండా ఉండి, నడక ఎక్కువగా పొడి నేల మీదైతే, ఇది సరైన ఎంపిక. పాదానికి ఏమీ గుచ్చుకోదు, చూడడానికి మరమ్మతు చేసినట్టే తెలియదు. దీని లోపం ఏమిటంటే, విజయమంతా కంటికి కనబడని తయారీ మీద ఆధారపడి ఉంటుంది.

గాటులోంచి జిగురు పోసి, కొసను తోసి, పైన ఇటుక పెట్టడం అంటించడం కాదు. సోల్ అంచు తెరిచి, పట్టీ ఉన్న చోట మూడు వేళ్ళ మేర పొరలను విడదీయాలి. హెయిర్ డ్రయరుతో రెండు మూడు నిమిషాలు వేడి చేస్తే పాత జిగురు మెత్తబడి పొరలు వాటంతటవే విచ్చుకుంటాయి. మంట చూపకూడదు. లోపలి పాత జిగురును గీకివేసి, సోల్ పైభాగాన్నీ, పై అట్ట అడుగునూ, పట్టీ కొసనూ 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, పొడిని బ్రష్షుతో దులిపివేయాలి. నీళ్ళతో కడిగితే మరునాటి దాకా ఆరనివ్వక తప్పదు.

నియోప్రీన్ రకం సొల్యూషన్, అంటే చెప్పులు కుట్టేవారి దగ్గర డబ్బాలో ఉండే, ఫెవిబాండ్, ఫెవికాల్ ఎస్ఆర్ వంటి పేర్లతో దొరికే పసుపు రంగు జిగురు, రెండు వైపులా పూసి ఆరనిచ్చిన తరువాతే పట్టుకుంటుంది. తడిగా ఉండగానే అతికిస్తే లోపలి ద్రావకం బయటికి పోయే దారిలేక, అతుకు రోజుల తరబడి మెత్తగానే ఉంటుంది. పలచగా పూసి 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి. తోలు మీదైతే మొదటి పూత ఆరాక రెండవది వేయాలి. వేలు ఆనిస్తే తడి అంటకూడదు, తీగ సాగకూడదు, కాని కొంచెం జిగటగా తోచాలి. అదే సమయం. మన ప్రాంతపు ఎండాకాలంలో ఈ సమయం సగానికి తగ్గిపోతుంది, కాబట్టి గడియారం కంటే వేలినే నమ్మాలి. త్వరగా ఆరుతుందని ఎండలో పెడితే పైన మీగడలాంటి పొర కట్టి లోపల పచ్చిగా మిగులుతుంది, నీడలోనే ఆరనివ్వాలి.

ఆ తరువాత కొసను ఒకేసారి సరైన చోట ఉంచాలి, ఎందుకంటే ఆరిన రెండు పొరలు తాకిన క్షణమే పట్టుకుంటాయి, సర్దుకోవడానికి రెండో అవకాశం ఇవ్వవు. ఈ రకం జిగురుకు ఎంతసేపు నొక్కామన్నది కాదు, ఎంత గట్టిగా నొక్కామన్నది ముఖ్యం. అందుకే చెప్పులు కుట్టేవారు గంటల తరబడి బరువు పెట్టరు, ఇనుప దిమ్మె మీద పెట్టి సుత్తితో పది దెబ్బలు వేస్తారు. ఇంట్లో రోలు మీద చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో కొట్టినా అదే ఫలితం. 24 గంటలు వేసుకోకూడదు.

పాలీయురేథేన్ జిగురు వాడే తీరు కొంత వేరు. పూసి పూర్తిగా ఆరనిచ్చి, అతికించే ముందు రెండు వైపులా హెయిర్ డ్రయరుతో వేడి చేసి, పొర మళ్ళీ జిగటపడిన వెంటనే అతికించి నొక్కాలి. కార్ఖానాలలో చేసేదీ ఇదే. చిన్న ఊళ్ళ దుకాణాలలో ఇది తేలికగా దొరకదు, కర్నూలులోనో కడపలోనో చెప్పుల తయారీ సామాను అమ్మే చోట అడగాలి. ఈ రెండు జిగురుల ఆవిర్లూ తలనొప్పి తెప్పిస్తాయి, నిప్పును ఇట్టే అందుకుంటాయి. పొయ్యి ఉన్న గదిలోగాని, పిల్లలు పడుకున్న గదిలోగాని పూయకూడదు.

క్షణంలో అంటుకునే ఫెవిక్విక్ రకం జిగురు విషయం చాలామంది అడుగుతారు. దాని పొర గాజులా గట్టిపడుతుంది. అడుగడుక్కూ వంగే చోట గాజులాంటి పొర నిలవదు. తోలులో ఇంకి అంచును కత్తిలా చేస్తుంది, ఆ అంచే తరువాత పట్టీని కోస్తుంది. నూలు గుడ్డ అస్తరు మీద పడితే చర్మం చురుక్కుమనేంత వేడి పుడుతుంది. అన్నిటికంటే పెద్ద నష్టం, అది గట్టిపడిన భాగం మీద మరే జిగురూ పట్టదు కాబట్టి ఆ మేర కొసను కోసి పారేయవలసిందే. పగిలిన బకిల్ పూస అంటించుకోవడానికి దాన్ని ఉంచుకోండి. అరాల్డైట్ వంటి రెండు గొట్టాల జిగురు బలమైనదే అయినా గట్టిపడే స్వభావం దానిదీ అదే. తెల్ల ఫెవికాల్ తడికి కరుగుతుంది, దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

## రెండవ దారి: కుట్టు ఒక్కటే

రోడ్డు పక్కన కూర్చున్న ఆయన దగ్గర ఐదు నిమిషాల్లో అయ్యేది ఇదే. ఆరెతో సోల్ కింది నుంచి పైదాకా పొడిచి, ఆరె కొక్కెంతో దారాన్ని లాగి, ఆ ఉచ్చులోంచి రెండో దారాన్ని దూర్చి బిగిస్తారు. బస్సు ఎక్కబోతూ పట్టీ ఊడితే ఇంతకంటే మంచి దారి లేదు. జిగురు ఆరేదాకా ఆగే పనీ లేదు, సోల్ ఏ రకమో తెలియనవసరమూ లేదు.

లోపాలు మూడు. సోల్ కింద దారం నేలకు ఒరుసుకుంటుంది, తారు రోడ్డు మీద రోజూ నడిచేవారికి కొన్ని వారాల్లోనే నూలు దారం అరిగి తెగుతుంది. దీనికి విరుగుడు సోల్ అడుగున కత్తితో సన్నని గాడి తీసి దారం ఆ గాడిలో కూర్చునేలా కుట్టడం. అడిగితే చేస్తారు, అడగకపోతే చాలామంది చేయరు. రెండవది, రంధ్రాలు దగ్గర దగ్గరగా పొడిస్తే తపాలా బిళ్ళ అంచులా ఆ వరుస వెంటే సోల్ చినుగుతుంది. 5, 6 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి, అంచు నుంచి కూడా అంతే దూరం ఉండాలి. మూడవది, ఈవీఏ వంటి మెత్తని నురుగులో నైలాన్ దారం జున్నును కోసినట్టు కోసుకుపోతుంది. ఆ సోల్‌కు కుట్టు తప్పదనుకుంటే, అడుగున రూపాయి బిళ్ళంత తోలు ముక్క పెట్టి, దాని మీదుగా కుట్టించుకోవాలి.

ఇంకొక దారి ఉంది, మొల కొట్టడం. పాదం కింద మొల తల ఎప్పుడో ఒకప్పుడు పైకి తేలుతుంది. చెక్క మడమ ఉన్న చెప్పుకు తప్ప నేను దీన్ని ఎవరికీ చెప్పను.

## మూడవ దారి: అంటించి కుట్టడం

ఇప్పుడు నా చెప్పుల కథ. రెండేళ్ళ నాటి తోలు పట్టీల శాండల్స్, గట్టి రబ్బరు సోల్. మే నెలలో ఒక పెళ్ళిలో మండపం బయట ఎండలో మూడు గంటలు విడిచి, వచ్చి వేసుకొని బండి కిక్ కొట్టేసరికి ఎడమ చెప్పుకు చిటికెనవేలి వైపు పట్టీ ఊడింది. ఆ సాయంత్రం క్షణంలో అంటుకునే జిగురు పోశాను. రెండో రోజు మధ్యాహ్నానికి టప్‌మని చప్పుడు చేసి వదిలేసింది.

గడియార స్తంభం దగ్గర చెప్పులు బాగుచేసే ఒక పెద్దాయన దాన్ని అందుకొని, జిగురు డబ్బా తెరవకుండా ముందు కొసను చూశాడు. "దీనికి జిగురు సోలుకు పట్టిందే లేదు సార్, అంతా వారుకే ఉంది. పైగా మీరు రాయి చేసి పెట్టినారు," అన్నాడు. కొలిస్తే కొస 9 మిల్లీమీటర్లు. గట్టిపడిన 3 మిల్లీమీటర్లు కోసేస్తే మిగిలింది 6. దాన్ని అలాగే లోపల పెట్టి అంటిస్తే నెల తిరగదని చెప్పాడు.

ఆయన చేసిన పని ఇది. పట్టీ వెడల్పుకు సరిగ్గా, 25 మిల్లీమీటర్ల పొడవున, మందమైన తోలు ముక్క కోశాడు. దాని ఒక కొసనూ, పట్టీ కొసనూ రంపెతో చెక్కి పలచన చేశాడు, ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు గడ్డ కట్టకుండా. రెండింటినీ అంటించి, మైనం పట్టించిన నైలాన్ దారంతో రెండు వరుసలు కుట్టాడు. అతుకు పడిన భాగం గాటుకు కింద ఉండేలా, అంటే పాదానికి తగలకుండా, ముందే గుర్తు పెట్టుకున్నాడు. తరువాత సోల్ విడదీసి, రబ్బరును నల్లపొడి రాలేదాకా రుద్ది, రెండు వైపులా సొల్యూషన్ పూసి నీడలో పెట్టాడు. ఆ ఎండకు ఏడెనిమిది నిమిషాలకే ఆరింది. ఈలోగా నేను కాలికి వేసుకుని, పట్టీ ఎంత బిగువుగా ఉండాలో చూపమన్నాడు. పట్టీ పొడవు ఇక్కడ తప్పితే చెప్పు వదులైపోతుందని, అంటించాక మార్చలేమని ఆయన జాగ్రత్త. గుర్తు పెట్టి, కొసను పరిచి, సుత్తితో కొట్టి, ఆ తరువాత సోల్ అడుగున గాడి తీసి నాలుగు రంధ్రాలలో కుట్టి, గాడిలో దారం మీద కొంచెం సొల్యూషన్ పూశాడు. పై అట్ట వైపు ముడి లేదు, ముడులు అడుగు గాడిలోనే ఉన్నాయి. గంటన్నర పట్టింది, 60 రూపాయలు తీసుకున్నాడు. ఆ చెప్పులతో ఒక వానాకాలం గడిచింది, పట్టీ కదలలేదు.

ఈ పద్ధతి లోపం సమయం, ఇంకా అందరూ చేయకపోవడం. "పైన నాలుగు కుట్లు వేస్తే చాలు" అనే మాటే ఎక్కువగా వినబడుతుంది. అలా అన్నప్పుడు రెండు విషయాలు మాత్రం అడగండి: సోల్ విడదీసి కొసను చూస్తారా, అడుగున గాడి తీస్తారా. రెండింటికీ కాదంటే, అది రెండవ దారే.

## ఎవరికి ఏది

పట్టణంలో పొడి నేల మీద నడిచేవారు, తోలు శాండల్ ఉన్నవారు, కొస బాగా మిగిలి ఉంటే జిగురు ఒక్కటి చాలు, ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. పొలం పనివారికి, బండి నడుపుతూ ఎడమ కాలితో గేరు మార్చేవారికి, తరచుగా తడిసే చెప్పులకు మూడవ దారి తప్పదు. దారం నైలాన్‌దే కావాలని చెప్పండి, నూలు దారం తడికి చివికిపోతుంది. పాదంలో స్పర్శ తగ్గినవారికి నా సలహా కుట్టు లేని జిగురు, లేదా ముడులన్నీ అడుగునే ఉన్న కుట్టు. ఇంటికి తెచ్చాక పై అట్టంతా అరచేతితో తడిమి చూసి, ఏమాత్రం గుచ్చుకున్నా వెనక్కి తీసుకెళ్ళాలి. తక్కువ ధర పీవీసీ, ఈవీఏ చెప్పులు వాడే విద్యార్థులకు మరమ్మతు ఖర్చు చెప్పుల ధరలో మూడో వంతు దాటుతుంటే ఆలోచించుకోవాలి. కాని ఊడింది ఒకే పట్టీ అయి, మిగిలినవి గట్టిగా ఉంటే, తోలు ముక్క పెట్టి కుట్టించుకోవడం తక్కువ ఖర్చులోనే అవుతుంది.

హవాయి చెప్పుల లెక్క వేరు. అక్కడ పట్టీ అంటించి ఉండదు, గుండీలాంటి తల రంధ్రంలో ఇరుక్కొని ఉంటుంది. ఊడిందంటే రంధ్రం పెద్దదైందని అర్థం. తల కింద వాషరు వేయడమో, పిన్నీసు గుచ్చడమో తాత్కాలికం. జిగురు అసలు పనికిరాదు. ఉంగటం దగ్గర ఊడుతున్న తోలు చెప్పుకు మాత్రం పైన చెప్పిన మూడవ దారే, ఎందుకంటే అడుగు వేసినప్పుడల్లా బొటనవేలు అక్కడే ముందుకు తోస్తుంది.

## మరమ్మతు నిలిచిందో లేదో తెలుసుకోవడం

24 గంటల తరువాత సోల్‌ను రెండు చేతులతో వంచి, గాటు దగ్గర పట్టీ లోపలికీ బయటికీ జరుగుతోందేమో చూడండి. జరుగుదల కనబడకూడదు. పట్టీని నిదానంగా, పెరిగే బలంతో లాగండి, ఒక్క కుదుపుతో కాదు. సోల్ అంచున గోరు దూరే సందు ఉంటే, అక్కడి నుంచి నీళ్ళు, ఇసుక చేరి ఒలుపు మొదలవుతుంది, కాబట్టి ఆ సందులో సొల్యూషన్ రాసి మళ్ళీ కొట్టించాలి. మొదటి వారం ఎండలో విడవకుండా ఉండగలిగితే మంచిది.

ఇక సోల్ వైపు నుంచి పొడి రాలే సంగతి. కొన్ని పీయూ సోళ్ళు గాలిలోని తేమతో ఏళ్ళ తరబడి లోలోపలే విచ్ఛిన్నమవుతాయి, వాడకుండా పెట్టెలో దాచినా సరే. పండుగకు వేసుకుందామని దాచిన జోడు మొదటి నడకకే ముక్కలయ్యేది ఇందుకే. గోటితో నొక్కితే గుంత పడి అలాగే ఉండిపోయినా, వేలికి పొడిగాని బంకగాని అంటినా, జిగురు పట్టుకోవడానికి అక్కడ గట్టి పదార్థమే లేదు, దారం బిగించడానికీ లేదు. పట్టీలు బాగున్న తోలు చెప్పులైతే పాత సోల్ తీసివేసి కొత్త రబ్బరు సోల్ వేయించుకోవచ్చు. రెక్సిన్ పట్టీలవైతే బకిల్స్ కోసి దాచుకుని, చెప్పులను వదిలేయడమే మేలు.